బాబు నాలుగో పుట్టినరోజుకి థీమ్, కేకు: నా ఆలోచన

అక్కా, మీరు పంపిన బొమ్మల ఫొటో రాత్రి పనంతా అయ్యాక తీరిగ్గా చూశాను. జంగిల్ పెట్టాలా, కార్లు పెట్టాలా అని ఇంట్లో ఇంకా తేలలేదన్నారు కదా. వాడు బొమ్మల్ని ఎలా పేర్చాడో ఒకసారి చూడండి. ముందు జేసీబీ. దాని వెనక నీలం బస్సు, ఆటో, చెక్క రైలు, తర్వాత ఏనుగు, చివర రెండు డైనోసార్లు. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, జేసీబీ తొట్టి మాత్రం నేలకి ఆనించి ఉంది. అంటే అది రోడ్డు తవ్వుతోంది, వెనకున్న వాళ్ళందరూ ఆగిపోయారు. బెంగళూరులో పుట్టిన పిల్లాడు ఇంకేం ఆట ఆడతాడు చెప్పండి!

కాబట్టి నా మాట ఏంటంటే, థీమ్ 'ట్రాఫిక్ జామ్' పెట్టేద్దాం. ఇందులో ఏనుగూ ఉంటుంది, బస్సూ ఉంటుంది, దేన్నీ వదలక్కర్లేదు. సిల్క్ బోర్డు దగ్గర గంటలు గంటలు నిలబడ్డ పెద్దవాళ్ళకి కూడా నవ్వొస్తుంది. మీ వారు కొత్తగా కొన్న రిమోట్ కారు థీమ్ బాగుంటుందన్నారని రాశారు. ఆ కారు ఫొటోలో ఓ మూల డబ్బాలోనే ఉంది, పైన స్టిక్కర్ కూడా ఊడలేదు. జేసీబీకేమో చేయి విరిగితే కుట్టుదారంతో కట్టి ఉంది, ఒక చక్రానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. వాడి ప్రాణం దేని మీదుందో చెప్పడానికి అది చాలు. అన్నయ్యగారు ఏమీ అనుకోకూడదు మరి.

ఇక కేకు. గుండ్రంగా వద్దు, అంతస్తులూ వద్దు. 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పుతో పలకలా చేస్తాను. పైనంతా లేత ఆకుపచ్చ క్రీము, దాని మీద '4' అంకె ఆకారంలో నల్లటి రోడ్డు. 4 రాస్తే అడ్డగీత, నిలువుగీత ఒకదాన్నొకటి దాటుతాయి కదా, మనకి సిగ్నల్ జంక్షన్ దానంతటదే వచ్చేస్తుంది. అక్కడ వేఫర్ స్టిక్ నిలబెట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జెమ్స్ అతికిస్తే సిగ్నల్ స్తంభం. ఆ జెమ్స్ స్తంభం మాత్రం సరిగ్గా కేకు కోసేటప్పుడే పెట్టాలి. తడి క్రీము మీద ముందే పెడితే రంగు కారిపోయి మరకలవుతాయి. స్తంభం విడిగా చేసి చిన్న డబ్బాలో ఇస్తాను, మీరు గుచ్చితే చాలు.

రోడ్డుకి నల్ల రంగు కలపను. నల్ల క్రీము తిన్న పిల్లల పళ్ళు, పెదాలు చూశారంటే మీరే వద్దంటారు, ఫొటోలు కూడా పాడవుతాయి. డార్క్ చాక్లెట్ గనాష్ పరిచి, పైన నల్ల క్రీమ్ బిస్కెట్ల పొడి చల్లితే అచ్చం తారు రోడ్డులా గరుగ్గా కనిపిస్తుంది, రుచి కూడా బాగుంటుంది. రోడ్డు మధ్య తెల్ల గీతలు వైట్ చాక్లెట్‌తో. 4 అడుగున, రోడ్డు చివర ఓ గుంత తవ్వుతాను. గుంత అంటే నిజంగానే కేకు గీకేసి, చాక్లెట్ పొడి 'మట్టి' కుప్ప పోస్తాను.

జేసీబీని ఫాండెంట్‌తో చేయను అక్కా. ఎంత బాగా చేసినా అది వాడి జేసీబీ కాదు. వాడిదే పెడదాం. అలాగని నాకు ముందుగా పంపకండి, రెండు రోజులు అది కనిపించకపోతే మీకు నిద్ర ఉండదు. పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి రాయండి, అంత చోటు గుంత పక్కన ఖాళీగా ఉంచుతాను. ఆదివారం పొద్దున గిన్నెల సబ్బుతో కడిగి, చక్రాల సందుల్లో ఇసుక లేకుండా చూసి, బాగా ఆరబెట్టండి. దారం, రబ్బరు బ్యాండు తీసేసి కొత్తవి కట్టండి. సాయంత్రం కేకు ముందుకి రాగానే వాడి చేత్తోనే పార్క్ చేయించండి. ఎగ్‌లెస్ స్పాంజి మెత్తగా ఉంటుంది, బరువు పెడితే కుంగుతుంది. అందుకని ఆ చోటు కింద మిల్క్‌షేక్ స్ట్రాలు కోసి దించి, పైన చిన్న అట్టబిళ్ళ పెడతాను. పక్కన గిన్నెలో ఇంకాస్త 'మట్టి' ఇస్తాను. వాడు ఎలాగూ తవ్వుతాడు, కేకు బదులు ఆ గిన్నె ముందుకి జరపండి.

బస్సు, ఆటో, రైలు, ఏనుగు నేను ఫాండెంట్‌తో రెండేసి అంగుళాలవి చేస్తాను. వీటిని మూడు నాలుగు రోజుల ముందే చేసి ఆరనివ్వాలి, లేకపోతే ఏనుగు తొండం వాలిపోతుంది. కాళ్ళు నిలబడటానికి టూత్‌పిక్‌లు, తీగలు వాడను. నాలుగేళ్ళ పిల్లలు బొమ్మని నేరుగా నోట్లో పెట్టుకుంటారు. మీ ఏనుగు కుడి చెవి నమిలి నమిలి చిన్నదైపోయింది కదా, అలాగే చేయనా, రెండు చెవులూ సమానంగా చేయనా? నన్నడిగితే నమిలిన చెవే ఉంచాలి. డైనోసార్లకి చోటు తక్కువ, అవి చెట్ల వెనక నుంచి తలలు మాత్రం పెట్టి 'ఎప్పుడు కదులుతుంది' అన్నట్టు చూస్తాయి.

కార్తీకమాసం కాబట్టి అత్తయ్యగారు గుడ్డు ముట్టరన్నారు, మొత్తం ఎగ్‌లెస్సే చేస్తాను, పెరుగు, మిల్క్‌మెయిడ్ వేసి. లోపల చాక్లెట్ వద్దు, పైన ఎలాగూ ఉంది. వెనీలా స్పాంజిలో సన్నగా తరిగిన అరటిపండు బాగుంటుంది కానీ సాయంత్రానికి నల్లబడుతుంది, కాబట్టి మామూలు వెనీలా, మధ్యలో బటర్‌స్కాచ్ పలుకులు. పాతికమందికి రెండున్నర కేజీలు సరిపోతుంది. పిల్లల్లో ఎవరికైనా జీడిపప్పు పడకపోతే ఇప్పుడే చెప్పండి, పలుకులు మానేస్తాను.

అలంకరణకి ఎక్కువ ఖర్చు పెట్టకండి. క్లబ్‌హౌస్ గుమ్మానికి పసుపు, నలుపు చారల టేపు, చార్టు మీద 'ముందు పని జరుగుచున్నది, మెల్లగా వెళ్ళండి' అని తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి. మీ అపార్ట్‌మెంట్ పిల్లలకి కన్నడది మీ పక్కింటి ఆంటీ రాసిస్తారు. బెలూన్లు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడే. ఆటకి రెడ్ లైట్, గ్రీన్ లైట్ ఉండనే ఉంది. రిటర్న్ గిఫ్ట్‌కి ప్లాస్టిక్ కార్లు కాకుండా చన్నపట్న చెక్క బళ్ళు చూడండి. లక్క రంగులు, మన ఏటికొప్పాక బొమ్మల్లాగే నునుపుగా ఉంటాయి, మైసూరు రోడ్డులో వెళ్తే అరవై కిలోమీటర్లే. అక్కడిదాకా వెళ్ళలేకపోతే ఊళ్ళో హస్తకళల దుకాణాల్లో దొరుకుతాయి.

అత్తయ్యగారికి పుట్టినరోజు పూట జామ్ ఏంటని అనిపిస్తే చెప్పండి, అదే కేకు మీద సిగ్నల్ పచ్చగా పెట్టి 'దారి ఇవ్వండి, నాలుగేళ్ళ బాబు వస్తున్నాడు' అని రాస్తాను. పేరు 'ఊరేగింపు' అనేద్దాం, ఏనుగు ముందుకొస్తుంది, జేసీబీ మాత్రం కదలదు.

కేకు తీసుకెళ్ళడానికి కారే పంపండి, బైకు వద్దు. కారు సీటు వాలుగా ఉంటుంది, కింద కాళ్ళ దగ్గర చదునుగా పెట్టి ఏసీ వేయమనండి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సిద్ధంగా ఉంటుంది. ఇంటికెళ్ళాక బొమ్మలతో సహా మొత్తం ఫ్రిజ్‌లో తోసేయకండి, బయటికి తీయగానే ఫాండెంట్ బొమ్మలకి చెమట పడుతుంది. బొమ్మలు విడి డబ్బాలో ఇస్తాను, అవి బయటే ఉండాలి.

జేసీబీ కొలతలు, ఏనుగు చెవి సంగతి, జీడిపప్పు సంగతి, ఈ మూడూ బుధవారం లోపు చెప్పండి అక్కా. గురువారం బొమ్మలు మొదలుపెట్టేస్తాను.