వ్యాక్సిన్లు గడ్డకట్టిన ఘటన: సవరించిన నివేదిక

జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి గారికి,

సోమవారం మేం పంపిన నివేదిక ఒకటే పేరా. అందులో సమయాలు లేవు. "ఫార్మసిస్టు నిర్లక్ష్యం వల్ల వ్యాక్సిన్లు పాడయ్యాయి" అన్న మాట మాత్రం ఉంది. ఆ పేరాను ఫోన్ కాల్స్, టెంపరేచర్ రిజిస్టరు, లాగర్ రికార్డులతో పోల్చి చూశాక ఆ మాట నిలవలేదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నివేదికకు బదులుగా దీన్ని స్వీకరించగలరు.

ఏం జరిగింది

మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఐఎల్‌ఆర్ ఫ్రిజ్ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అది మైనస్ 3.2 డిగ్రీల వరకు పడిపోయింది. పెంటావాలెంట్ 38, టీడీ 22, హెపటైటిస్-బి 14, మొత్తం 74 వయల్స్ పనికిరాకుండా పోయాయి. గడ్డకట్టాక వీటిలో ఒక్క డోసు కూడా ఎవరికీ వేయలేదు.

కాలక్రమం

జులై 12, శనివారం
ఉదయం 7:30 – ఉష్ణోగ్రత 4.6. ఆ రోజు సెషన్‌కు వ్యాక్సిన్లు బయటికి వెళ్లాయి.
మధ్యాహ్నం 2:10 – స్టెబిలైజర్ కాలిపోయింది. ఫ్రిజ్ ఆగింది.
3:20 – ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త స్టెబిలైజర్ బిగించారు.
3:40 – కంప్రెసర్ ఆన్ అవుతుందో లేదో చూడటానికి థర్మోస్టాట్ నాబ్‌ను చివరిదాకా తిప్పారు. మళ్లీ పాత చోటికి తేలేదు.
4:45 – సెషన్ నుంచి తిరిగొచ్చిన వయల్స్, తెరిచినవి 3 సహా, ఫ్రిజ్‌లో పెట్టారు.
5:00 – సాయంత్రం రీడింగ్ 5.2.

జులై 13, ఆదివారం
తెల్లవారుజామున 3:40 – 2 డిగ్రీల కిందికి దిగింది. ఈవిన్ లాగర్ అలర్ట్ పంపింది.
6:20 – సున్నా దాటింది.
సాయంత్రం 4:00 – మైనస్ 3.2, అన్నిటికన్నా తక్కువ. ఆ రోజు రెండు పూటలా రీడింగ్ తీయలేదు.

జులై 14, సోమవారం
ఉదయం 8:50 – ఫార్మసిస్టు తలుపు తీసి, రీడింగ్ చూసి, వెంటనే నాకు చెప్పారు.
9:10 – వయల్స్ విడదీసి "వాడొద్దు" అని రాసి పెట్టారు.
9:30 – మీకు ఫోన్ చేశాం.

జులై 15, మంగళవారం – షేక్ టెస్ట్. అదే బ్యాచ్‌లో కావాలని గడ్డకట్టించి కరిగించిన వయల్‌తో పోల్చాం. మూడు రకాల్లోనూ మందు అంతే వేగంగా అడుగుకు చేరింది.

మూల కారణం

నాబ్ తిప్పిన దగ్గర్నుంచి మేం కనుక్కునే వరకు 41 గంటలు. నాబ్ తిప్పడం కాదు, ఈ 41 గంటలే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

శనివారం సాయంత్రం 5.2 చూసి ఫార్మసిస్టు సరేననుకోవడంలో తప్పులేదు. గంటన్నర కరెంటు లేక కాస్త వేడెక్కిన ఫ్రిజ్ అప్పుడే చల్లబడుతోంది, అది ఎంతవరకు దిగుతుందో ఆ ఒక్క అంకెలో కనబడదు. రిపేరు తర్వాత నాబ్ చూడాలని, గంటగంటకూ రీడింగ్ తీయాలని మా దగ్గర ఎక్కడా రాసి లేదు.

అలర్ట్ సమయానికే వెళ్లింది. కానీ రెండు నెలల కిందట బదిలీ అయిన ఫార్మసిస్టు నంబరుకు వెళ్లింది. చార్జ్ అప్పగింత కాగితంలో స్టాకు ఉంది, తాళాలు ఉన్నాయి, అలర్ట్ నంబరు మార్పు లేదు. మూల కారణం ఇదే. సెలవు రోజుల్లో రీడింగ్ తీసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడం రెండోది. అది నేను చూసుకోవాల్సిన పని, చూసుకోలేదు.

పెంటావాలెంట్ వయల్స్‌ను బుట్టల్లో కాకుండా ఫ్రిజ్ అడుగున పెట్టారు. ఈసారి పైన ఉన్నవీ పాడయ్యాయి కాబట్టి ఇది కారణం కాదు, అయినా సరిదిద్దాల్సిందే.

మొదటి నివేదికలో "వయల్స్ చూడటానికి బాగానే ఉన్నాయి" అని రాశాం. అది ప్రమాదకరమైన మాట. ఈ మూడు వ్యాక్సిన్లలోనూ అల్యూమినియం లవణం ఉంటుంది. ఒకసారి గడ్డకడితే దాని రేణువులు ముద్దకట్టి మందు శక్తి పోతుంది. కరిగాక పైకి మామూలుగానే కనిపించవచ్చు. బుధవారం సెషన్‌లో అవి వేసి ఉంటే, బిడ్డకు రక్షణ దొరికిందన్న నమ్మకంతో తల్లి ఇంటికి వెళ్లేది.

దిద్దుబాటు చర్యలు

1. అలర్ట్ నంబర్లు: ఇప్పటి ఫార్మసిస్టు, స్టాఫ్ నర్సు, నేను. జులై 14నే మార్చాం. ప్రతి నెల 1న ముగ్గురి నంబర్లూ సరిచూసి రిజిస్టరులో సంతకం చేస్తాను.
2. చార్జ్ అప్పగింత కాగితంలో అలర్ట్ నంబరు మార్పు కోసం ఒక వరుస చేర్చాం. అది నిండకుండా నేను రిలీవ్ చేయను.
3. ఆదివారాలు, సెలవుల్లో డ్యూటీ స్టాఫ్ నర్సు రెండు పూటలా రీడింగ్ తీస్తారు. జులై 20 నుంచి.
4. ఎవరు రిపేరు చేసినా, వెళ్లే ముందు నాబ్ స్థానం ఫార్మసిస్టు రాసుకోవాలి. ఆ తర్వాత నాలుగు గంటలు గంటగంటకూ, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి రీడింగ్ తీయాలి.
5. వయల్స్ అన్నీ బుట్టల్లోకి మార్చాం. పూర్తయింది.

"సిబ్బందిని హెచ్చరించాం" అన్న పాత వాక్యం తీసేశాను. దానివల్ల అలర్ట్ సరైన ఫోనుకు చేరదు.

ఒక పని మిగిలింది. నాబ్‌పై తొడుగు బిగించడానికి జిల్లా కోల్డ్ చైన్ టెక్నీషియన్ రావాలి. అప్పటివరకు నాబ్‌పై టేపు వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాం.

మెడికల్ ఆఫీసర్
జులై 16