గురువారం క్లాసు, హోంవర్క్ గురించి

అందరికీ నమస్కారం. నేను ఆరో తరగతి లెక్కల టీచర్‌ని. మెసేజ్ కాస్త పెద్దదే, దయచేసి చివరిదాకా చదవండి.

ఈ గురువారం లెక్కల క్లాసు ఉండదు. ఆ రోజు మా అమ్మకి కంట్లో శుక్లాల ఆపరేషన్, నేను దగ్గర ఉండాలి. బదులుగా శనివారం ఉదయం 9 నుంచి 10 దాకా క్లాసు పెడుతున్నాను, హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. మిగతా క్లాసులన్నీ మామూలే కాబట్టి గురువారం పిల్లల్ని బడి మాన్పించకండి. పోయినసారి క్లాసు లేదన్న సంగతి రాత్రి పదింటికి చెప్పానని కొందరు బాధపడ్డారు, అది నా పొరపాటే, అందుకే ఈసారి సోమవారమే చెబుతున్నాను. శనివారం రావడం కుదరని వాళ్లు రేపు సాయంత్రంలోగా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

ఇక హోంవర్క్. బుధవారం ఇచ్చిన భిన్నాల లెక్కలు నిన్న కూర్చుని దిద్దాను. 34 పుస్తకాల్లో 11 చోట్ల నాలుగో లెక్కకి, అంటే 3/4 + 2/5 కి, జవాబు 5/9 అని ఉంది. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశారు. ఈ వయసు పిల్లలు చాలామంది చేసే తప్పే ఇది, దానికి నాకేం కోపం లేదు. కానీ 11 మందీ రెండో వరుసలో ఒకే అంకెని కొట్టేసి, దాని పక్కనే మళ్లీ అదే అంకె రాశారు. పోయిన గురువారం సాయంత్రం గ్రూపులో వచ్చిన హోంవర్క్ ఫొటోలో కూడా ఆ కొట్టివేత అలాగే ఉంది. పెట్టినవారు సాయం చేద్దామనే పెట్టారని నాకు తెలుసు, వారిని ఎవరూ ఏమీ అనవద్దు.

సొంతంగా తప్పు చేసిన పిల్లని "3/4 కి ఇంకొంచెం కలిపితే అంతకన్నా తగ్గిందేంటమ్మా?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి తనే పట్టుకుంటుంది. చూసి రాసిన పిల్లకి ఆ అవకాశమే లేకుండా పోతోంది, నా బాధ అదే.

అందుకని ఇకనుంచి పూర్తి చేసిన హోంవర్క్ ఫొటోలు గ్రూపులో పెట్టవద్దు. పెడితే తీసేయమని అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఏ పేజీ, ఏ లెక్కలు అని మాత్రం నిస్సంకోచంగా అడగండి. రాని లెక్కని ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకా రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయమనండి. అలా వదిలినందుకు మీ పిల్లల్ని ఒక్క మాట కూడా అనను, నిజానికి క్లాసులో ఏది మళ్లీ చెప్పాలో నాకు తెలిసేది వాటివల్లే. అరగంట దాటితే పుస్తకం మూసేయించండి, ఏడిపించి చేయించాల్సిన పని లేదు.

ఆ 11 మంది పేర్లు ఇక్కడ రాయను. వాళ్ల పుస్తకాల్లో రాశాను, నాలుగో లెక్క ఒక్కటీ సొంతంగా మళ్లీ చేసి శనివారం తెస్తే చాలు. ఇంకేమైనా అడగాలంటే సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఫోన్ చేయండి, గురువారం మాత్రం ఎత్తలేను.