అమ్మకు 60 ఏళ్లు

అందరికీ నమస్కారం. మాట్లాడుతుంటే గొంతు పట్టేస్తుందేమోనని రాసుకొచ్చాను, ఏమీ అనుకోకండి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల్లో ఫెయిలయ్యాను. ఆ పేపరు పరుపు కింద దాచాను. దుప్పటి మారుస్తుంటే అమ్మకు దొరికింది. తిడుతుందని రెండు రోజులు భయపడుతూనే ఉన్నాను, ఒక్క మాట అనలేదు. మూడో రోజు రాత్రి నీళ్లకని లేచాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. నా లెక్కల పుస్తకం ముందేసుకుని, పాత క్యాలెండర్ వెనకాల అమ్మ లెక్కలు చేస్తోంది. తను పదితోనే చదువు ఆపేసింది. నాకు నేర్పడానికి ముందు తను నేర్చుకుంటోంది. ఆ రాత్రి తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఇంకొకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్ చేసి, "బాగానే ఉన్నానమ్మా" అన్నాను. అంతే అన్నాను. తెల్లారేసరికి చేతిలో సంచితో నా గది ముందు ఉంది. "నీ గొంతు బాగాలేదు" అంది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది.

నాన్నా, తమ్ముడూ, మీ దగ్గరా ఇలాంటివి చాలా ఉంటాయని తెలుసు.

అమ్మా, ఇన్నేళ్లూ ఇంట్లో అందరికంటే ముందు లేచింది నువ్వే. రేపు మాత్రం తొందరపడకు. హాయిగా పడుకో. నువ్వు లేచేసరికి నేను నీ పక్కనే ఉంటాను.

పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా.