పోషకాహార మూల్యాంకన నివేదిక: అనొరెక్సియా నెర్వోసా, ఇన్‌పేషెంట్ మొదటి రోజు

రోగి: 19 ఏళ్ల యువతి. తినడం తగ్గించడం మొదలై సుమారు 9 నెలలు. 6 నెలలుగా నెలసరి లేదు. జనరల్ మెడిసిన్ వార్డులో చేరారు. సైకియాట్రీ బృందం కూడా చూస్తోంది.

కొలతలు

ఎత్తు 162 సెం.మీ. ఉదయం మూత్ర విసర్జన తర్వాత, హాస్పిటల్ గౌనులో బరువు 37.4 కిలోలు, బీఎంఐ 14.3. ఆరు నెలల క్రితం 51 కిలోలు, అంటే 27 శాతం తగ్గారు. గత మూడు వారాల్లోనే 3 కిలోలు పోయాయి. ఈ వేగమే బీఎంఐ కన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

నిన్న ఓపీలో బరువు 38.5 కిలోలు వచ్చింది, కానీ అప్పటి మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ 1.002. తూకానికి ముందు నీళ్లు బాగా తాగారన్నమాట. సీరం సోడియం 132 ఉండడానికీ ఇదే కారణం కావచ్చు. నిన్నటి అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. ఇకపై తూకం వారానికి రెండుసార్లు, ఉదయం, ఇదే పద్ధతిలో. ప్రతిసారీ మూత్రం సాంద్రత చూడాలి. అంకె కనిపించకుండా రోగిని తూకానికి వీపు తిప్పి నిలబెట్టాలి.

ఆహార చరిత్ర

మూడు రోజుల రీకాల్ ప్రకారం రోజుకు 400 నుంచి 450 కిలో కేలరీలు. దాదాపు అంతా కూరగాయలు, పండ్లు, బ్లాక్ కాఫీయే. పిండి పదార్థాలు, నూనె, పాలు మానేసి ఐదు వారాలైంది. రోజూ రెండు గంటలు నడుస్తున్నారు. వాంతులు, విరేచనాల మాత్రలు లేవని చెప్పారు. అయితే బైకార్బొనేట్ 31, పొటాషియం 3.1, చెవుల కింద లాలాజల గ్రంథులు కాస్త ఉబ్బి ఉన్నాయి. మూడూ కలిపి చూస్తే వాంతులు ఉండే అవకాశమే ఎక్కువ. నిలదీయాల్సిన అవసరం లేదు, ప్రణాళికను మాత్రం వాంతులు ఉన్నాయనే అనుకుని వేశాం.

వైద్య స్థిరత్వం

నాడి మెలకువలో నిమిషానికి 41, నిద్రలో 36. పడుకున్నప్పుడు రక్తపోటు 90/56, లేచి నిలబడిన రెండు నిమిషాలకు 72/48, నాడి 74. శరీర ఉష్ణోగ్రత 35.2 డిగ్రీల సెల్సియస్. ఈసీజీలో సైనస్ బ్రాడీకార్డియా, క్యూటీసీ 452 మిల్లీసెకన్లు. చేతుల ఊతం లేకుండా గొంతుకూర్చున్న భంగిమ నుంచి లేవలేకపోయారు. కండరాల బలం ఎంత పోయిందో ఏ ల్యాబ్ రిపోర్టు కన్నా ఈ చిన్న పరీక్షే బాగా చెబుతుంది. నాడి 41 ఉండడాన్ని 'బాగా నడుస్తారు కాబట్టి క్రీడాకారుల గుండె' అని సరిపెట్టుకోకూడదు. క్రీడాకారులకు లేచి నిలబడగానే నాడి 33 పెరగదు.

రక్తంలో చక్కెర 61 మి.గ్రా. ఫాస్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.5. ఏఎల్‌టీ 112, ఇది ఆకలివల్ల కాలేయంలో వచ్చిన మార్పు కావచ్చు, ఆహారం మొదలయ్యాక తగ్గుతుందో చూడాలి. తెల్ల రక్తకణాలు 3,200. అల్బుమిన్ 4.1, మామూలుగా ఉంది. అల్బుమిన్ పోషణకు కొలమానం కాదు, దాన్ని చూసి ధైర్యపడవద్దు. ఫాస్ఫేట్ మామూలుగా ఉన్నా భరోసా లేదు. ఆకలితో ఉన్న శరీరంలో నిల్వలు ఖాళీ అయినా రక్తంలో అంకె నిలబడే ఉంటుంది. తిండి మొదలై ఇన్సులిన్ పెరిగాకే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి అసలు లోటు బయటపడుతుంది.

నిర్ధారణ: తీవ్ర పోషకాహార లోపం, వైద్యపరంగా అస్థిరం, రీఫీడింగ్ సిండ్రోమ్ ముప్పు చాలా ఎక్కువ. కార్డియాక్ మానిటర్, బెడ్ రెస్ట్ అవసరం.

రీఫీడింగ్ ప్రణాళిక

మొదటి ముద్దకు కనీసం అరగంట ముందు థయమిన్ 100 మి.గ్రా. తర్వాత రోజుకు మూడుసార్లు, పది రోజులు. దాంతోపాటు రోజూ ఒక మల్టీవిటమిన్. థయమిన్ పడకుండా డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కించవద్దు. పొటాషియం, మెగ్నీషియం భర్తీ ఈరోజే మొదలవ్వాలి. మెగ్నీషియం సరికాకుండా పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. మోతాదులు డ్యూటీ డాక్టర్ రాస్తారు. రక్తపోటు తక్కువుందని సెలైన్ వేగంగా ఎక్కిస్తే సన్నబడిన గుండె కండరం ఆ భారం మోయలేదు. మొత్తం ద్రవాలు రోజుకు 1,200 మి.లీ.

ప్రారంభం 1,200 కిలో కేలరీలు, అంటే కిలోకు 32. ముప్పు తక్కువున్నవారికి ఇంతకన్నా ఎక్కువతో మొదలుపెట్టవచ్చు. ఐదు వారాల లోటు, తక్కువ పొటాషియం, మెగ్నీషియం ఉన్న ఈ రోగికి అది తొందరపాటు. అలాగని 500తో మొదలుపెట్టి వారం గడిపితే ఆసుపత్రిలోనే ఇంకా బరువు తగ్గుతారు, ఆ తప్పూ తరచుగా జరుగుతోంది. శక్తిలో పిండి పదార్థాలు 45 శాతం (135 గ్రా.), ప్రోటీన్ 45 గ్రా., మిగతాది కొవ్వు.

మొదటి రోజు: ఉదయం 7:30కి రెండు బ్రెడ్ ముక్కలు, వెన్న, పాలు (280). 10:30కి 1.5 కేలరీల సప్లిమెంట్ డ్రింక్ 100 మి.లీ. (150). ఒంటిగంటకు చిన్న భోజనం (270). 4కి పాలు 200 మి.లీ. (130). 7కి భోజనం (240). 9:30కి మళ్లీ పాలు (130). పాలు ఇన్నిసార్లు పెట్టింది ఫాస్ఫేట్ కోసమే. గ్లైకోజెన్ నిల్వలు లేనందున తెల్లవారుజామున చక్కెర పడిపోవచ్చు, కాబట్టి రాత్రిది మానరాదు. చక్కెర భోజనానికి ముందు, రెండు గంటల తర్వాత, రాత్రి 3కి చూడాలి.

మూడో రోజు 1,400. ఆ తర్వాత ఫాస్ఫేట్ నిలకడగా ఉంటే రోజుకు 200 పెంచి, ఆరో రోజుకు 2,000కు చేరాలి. అక్కడి నుంచి రెండేసి రోజులకోసారి 200. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం మొదటి మూడు రోజులు 12 గంటలకోసారి, పదో రోజు వరకు రోజూ. ఫాస్ఫేట్ 2.5 కన్నా తగ్గితే నోటి ద్వారా భర్తీ చేస్తూ కేలరీలు అదే స్థాయిలో ఉంచాలి. 1.5 కన్నా తగ్గితే డాక్టర్‌కు వెంటనే ఫోన్, ఐవీ ఫాస్ఫేట్. పాదాల వాపు, ఆయాసం, నాడి హఠాత్తుగా 90 దాటడం, గందరగోళం కూడా అదే స్థాయి హెచ్చరికలు. నెమ్మదిగా ఉండే నాడి ఒక్కసారిగా 'మామూలు'కు వస్తే అది కోలుకోవడం కాకపోవచ్చు.

ప్రతి భోజనానికి 30 నిమిషాలు, స్నాక్‌కు 15. మిగిలినంత కేలరీలకు సప్లిమెంట్ 20 నిమిషాల్లో తాగాలి. ఒక రోజులో రెండుసార్లు అదీ కాకపోతే ముక్కు గొట్టం. దీన్ని శిక్షలా కాకుండా మందులా, ముందే వివరించాలి. భోజనం తర్వాత గంటసేపు నర్సు పక్కనే ఉండాలి, ఆ సమయంలో బాత్రూమ్‌కు ఒంటరిగా పంపవద్దు. 'ఇప్పుడు ఆరోగ్యంగా కనిపిస్తున్నారు' అనే మాట రోగికి 'లావయ్యారు' అని వినిపిస్తుంది, అనకండి. కడుపు ఉబ్బరం నిజమైనదే: జీర్ణాశయం నెమ్మదించింది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మలబద్ధకానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ ఇవ్వవచ్చు, ప్రేరేపక విరేచనకారులు వద్దు.

అంచనాలు

మొదటి వారం బరువు పెరిగినా తగ్గినా అందులో నీరే ఎక్కువ, దాన్ని చూసి కేలరీలు మార్చవద్దు. రెండో వారం నుంచి వారానికి 0.5 నుంచి 1 కిలో. 2,200 దగ్గర బరువు ఆగితే ఆశ్చర్యం లేదు. శరీరం వేడిని, కదలికను తిరిగి మొదలుపెట్టి ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, అప్పుడు 2,800 నుంచి 3,000 వరకు అవసరం కావచ్చు. ఆగిందని 'దాచి పారేస్తున్నారు' అని వెంటనే అనుమానించే ముందు ఇది గుర్తుంచుకోవాలి, పారేయడం కూడా జరుగుతుంది కాబట్టి ప్లేటు చూడటం మానకూడదు.

దీర్ఘకాల లక్ష్యం బీఎంఐ 18.5 (48.6 కిలోలు) కాదు, ఆరు నెలల క్రితమున్న 51 కిలోలకు దగ్గర, నెలసరి తిరిగొచ్చే బరువు. మానిటర్ తీసేందుకు: రాత్రి నాడి 45 పైన వరుసగా మూడు రాత్రులు, లేచి నిలబడితే సిస్టోలిక్ తగ్గుదల 20 లోపు, నాడి పెరుగుదల 30 లోపు, భర్తీ లేకుండా లవణాలు 48 గంటలు మామూలు. తర్వాతి పోషకాహార సమీక్ష మూడో రోజు ఉదయం, రక్తపరీక్ష ఫలితాలు చూశాకే 1,400కు అనుమతి.