గ్రూప్ హెల్త్ పాలసీ ప్రీమియం నాలుగు వాయిదాల్లో కట్టేందుకు అనుమతి కోరుతూ

విజయవాడ,
20 జనవరి 2026.

బ్రాంచ్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వర్క్‌షాపు నాది. మా దగ్గర పనిచేసే 8 మందికి, వాళ్ల కుటుంబాలకు కలిపి మొత్తం 27 మందికి మీ బ్రాంచిలోనే గ్రూప్ హెల్త్ పాలసీ నడుస్తోంది. ఫిబ్రవరి 10 అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. రెన్యువల్ కొటేషన్ అందింది: ప్రీమియం రూ. 1,12,000, జీఎస్టీ రూ. 20,160, మొత్తం రూ. 1,32,160. ఈ రేటు తగ్గించమని అడగడం లేదు. ఒకేసారి కాకుండా నాలుగు వాయిదాల్లో కట్టుకోనివ్వమని అడుగుతున్నాను.

పని లేక వచ్చిన ఇబ్బంది కాదిది, చేసిన పనికి డబ్బు రాక వచ్చింది. ఒక కాంట్రాక్టరుకు నాలుగు టిప్పర్ బాడీలు చేసి అక్టోబరు 18న బిల్లుతో సహా అప్పగించాం. బిల్లు రూ. 9,84,000. చేతికి వచ్చింది రూ. 3,50,000. చట్ట ప్రకారం చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. డిసెంబరు 2తో ఆ గడువూ దాటిపోయింది. సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను కానీ ఆ డబ్బు ఫిబ్రవరిలోపు వస్తుందన్న ఆశ లేదు. ఈలోపు ఇనుము కొట్టువాళ్లు అరువు ఆపేశారు, ఇప్పుడు షీటుకైనా చానెల్‌కైనా ముందు డబ్బు పెడితేనే లోడు కదులుతోంది. సంక్రాంతికి వర్కర్లకు జీతాలు, పండగ డబ్బులు ఆపలేదు. బ్యాంకు ఓడీ దాదాపు నిండిపోయింది.

అయినా పాలసీ ఆపే ఆలోచన నాకు లేదు. పదిమందికి లోపు ఉన్న షాపు కాబట్టి మాకు ఈఎస్ఐ వర్తించదు. మా వాళ్లకు ఈ కార్డే దిక్కు. పొద్దస్తమానం వెల్డింగ్, గ్రైండింగ్ మధ్య ఉండే మనుషులు. కంట్లో రవ్వ పడినా, షీటు తెగి చేతికి తగిలినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్తున్నారంటే ఈ పాలసీ ఉందన్న ధైర్యమే. మా వెల్డర్ భార్యకు ఇప్పుడు ఏడో నెల, మార్చిలో కాన్పు. పాలసీ ఒక్క రోజు తెగినా ఆ కుటుంబం వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ముందు ప్రీమియం అందితేనే రిస్కు మొదలవుతుందని ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్‌లో ఉందని తెలుసు. అందుకే మొదటి వాయిదా రూ. 33,040 ఫిబ్రవరి 9 లోపే కట్టేస్తాను. మిగతా మూడూ అంతే మొత్తం చొప్పున మే 11, ఆగస్టు 11, నవంబరు 11 తేదీల్లో కడతాను. కరెంట్ అకౌంటు నుంచి ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా మ్యాండేట్ కూడా ఇస్తాను. ప్రస్తుతం షాపులో మూడు లారీ బాడీలు నడుస్తున్నాయి. మార్చి నెలాఖరుకి డెలివరీ, బ్యాలెన్స్ డబ్బు అప్పుడే వస్తుంది. మే వాయిదాకు నాకున్న ఆధారం అదే. వాయిదాలకు అదనంగా లోడింగ్ ఏమైనా ఉంటే ఎంతో ముందే చెప్పండి, దానికి సిద్ధంగానే ఉన్నాను.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. వాయిదాల పాలసీల్లో క్లెయిమ్ వస్తే మిగిలిన ప్రీమియం అంతా అందులోంచే పట్టుకునే షరతు పెడుతుంటారు. మార్చిలో చూస్తే నేను ఇంకా రూ. 99,120 బాకీ ఉంటాను. మా పాలసీలో సిజేరియన్‌కు పరిమితి రూ. 50,000. ఆ షరతు పెడితే ఆ అమ్మాయి కాన్పుకు ఒక్క రూపాయి కూడా రాదు. ప్రీమియం బాకీ నాది, వర్కరుది కాదు. ఎవరికైనా క్లెయిమ్ వస్తే, మీరు కోరితే, మిగిలిన ప్రీమియం ఏడు రోజుల్లో నేనే కట్టేస్తాను. క్లెయిమ్ డబ్బులో కోత పెట్టకుండా, వాయిదాకు ఉన్న గ్రేస్ పీరియడ్‌లో కూడా కవర్ కొనసాగేలా ఎండార్స్‌మెంట్‌లో రాయించగలరు.

మూడు నెలలకోసారి కుదరకపోతే ఆరు నెలలకోసారి రూ. 66,080 చొప్పున రెండు వాయిదాలైనా ఇవ్వండి. మొదటిది కట్టడానికి చేబదులు తీసుకోవాల్సి వస్తుంది, అయినా కడతాను.

ఐదేళ్లుగా ప్రతి రెన్యువల్ గడువులోపే కట్టాం. నిరుడు వచ్చిన క్లెయిములు రెండే, ఒక హెర్నియా ఆపరేషన్, ఒక కాన్పు. నిర్ణయం మీ పై ఆఫీసు చేతిలో ఉంటే ఈ ఉత్తరం మీ సిఫారసుతో అక్కడికి పంపించండి. ఫిబ్రవరి 3 లోపు జవాబు వస్తే మొదటి వాయిదా డబ్బు సర్దుకోవడానికి నాకు వారం దొరుకుతుంది. మీరు రమ్మంటే ఏ రోజైనా లెక్కల పుస్తకాలతో సహా వచ్చి కలుస్తాను.

పాలసీ కాపీ, రెన్యువల్ కొటేషన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, టిప్పర్ బాడీల బిల్లు, సమాధాన్ ఫిర్యాదు కాపీ జతచేశాను.

భవదీయుడు,
కె. వెంకటేశ్వరరావు,
ప్రొప్రైటర్, లారీ బాడీ బిల్డింగ్ వర్క్‌షాపు,
ఆటోనగర్, విజయవాడ.