బ్యాంకు ఉద్యోగం వదిలి రావాలనుకోవడానికి కారణాలు: ఎంపిక సంఘానికి వివరణ లేఖ

ఖమ్మం

గౌరవనీయులైన ఎంపిక సంఘం అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

విషయం: మిర్చి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ముఖ్య కార్యనిర్వహణాధికారి పోస్టుకు నా దరఖాస్తు – వివరణ.

మొదటి విడత ఇంటర్వ్యూ చివర్లో, "పర్మనెంటు బ్యాంకు ఉద్యోగం వదిలి ఇటు ఎందుకు వస్తున్నారు?" అని మీరు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు నాకే అరకొరగా తోచింది. అదే విషయాన్ని రాతపూర్వకంగా ఇమ్మని మీరు కోరినందున ఈ లేఖ రాస్తున్నాను.

నేను 2016లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో వ్యవసాయ విభాగపు ఫీల్డ్ ఆఫీసరుగా చేరి, 2021లో మేనేజరునై, ప్రస్తుతం ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామీణ శాఖలో పంట రుణాలు చూస్తున్నాను. బదిలీలు, పని ఒత్తిడి, పదోన్నతి, వీటిలో ఏదీ నా నిర్ణయానికి కారణం కాదు. పొలం చూసి దిగుబడి అంచనా వేయడం, కాగితం సరిగ్గా లేనప్పుడు తెలిసిన మనిషికైనా మర్యాదగా కాదని చెప్పడం, పైసా తేడా వచ్చినా లెక్క తేలేవరకు కుర్చీ వదలకపోవడం నాకు ఆ బ్యాంకే నేర్పింది. మీ కంపెనీకి నేను తేగల అర్హతల్లో సగం అక్కడివే.

ఇక అసలు కారణం. మూడు లక్షల రూపాయల లోపు పంట రుణాన్ని గడువులోగా కట్టిన రైతుకు 7 శాతం వడ్డీ 4 శాతానికి దిగుతుంది. ఇది రైతుకు మేలు చేసే నిబంధన, దాన్ని అమలు చేయడం నాకు ఇష్టమైన పని. 2024లో తొంభై వేలు అప్పున్న ఒక మహిళా రైతు గడువుకు నాలుగు రోజుల ముందే వచ్చి బాకీ మొత్తం కట్టి, యార్డులో మిర్చి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీ నా బల్ల మీద పెట్టి, కోతలు సరిగ్గా వేశారో లేదో చూడమన్నారు. కోతలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ పన్నెండు క్వింటాళ్ల తేజ మిర్చికి పలికిన ధర ఆ రోజు జెండాపాట కంటే క్వింటాలుకు మూడు వేలు తక్కువ. జెండాపాట ధర అందరి సరుకుకీ రాదని మిర్చి పండించే ప్రతివారికీ తెలుసు. అయినా ఆమె సరుకుకు అంత తేడా రావడానికి కారణం, గడువు తప్పకూడదన్న తొందరలో తాలు ఏరకుండా, సరిగ్గా ఆరకుండానే బస్తాలకెత్తడం. 3 శాతం రాయితీ వల్ల ఆమెకు ఏడాదికి మిగిలేది 2,700 రూపాయలు. ధర తేడా మొత్తం 36,000 రూపాయలు.

ఆ రోజు బ్యాంకు తన పని తాను సక్రమంగానే చేసింది. అప్పు ఇవ్వడం, వసూలు చేయడం బ్యాంకు ధర్మం. కల్లంలో గ్రేడింగు చేయించడం, పదిమంది సరుకు ఒక్కచోట చేర్చడం, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆ రసీదు మీద రుణం ఇప్పించడం దాని పని కాదు, బ్యాంకును అవి చేయమని అడగడం కూడా న్యాయం కాదు. ఆ పనులు చేయవలసింది రైతుల సొంత కంపెనీయే. మరుసటి సీజన్‌లో, సెలవు రోజుల్లో, ఒక ఊళ్లో ఆరుగురు రైతులతో కూర్చుని తాలు వేరు చేయించి ఒకే లారీలో యార్డుకు పంపించాం. అదే ఊరి నుంచి ఏరకుండా వచ్చిన సరుకు కంటే వారికి క్వింటాలుకు సుమారు తొమ్మిది వందలు ఎక్కువ వచ్చింది. ఏరిన కూలీల ఖర్చు తీసేస్తే మిగిలింది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఒక్క లారీతో ఏదీ రుజువు కాదని ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం నుంచి నా మనసు ఆ పని మీదే ఉంది.

జీతం తగ్గుతుందని తెలిసే దరఖాస్తు చేశాను. సిబ్బందికిచ్చే రాయితీ వడ్డీ పోయి నా గృహరుణం మామూలు వడ్డీకి మారుతుంది. పెరిగే కిస్తీని ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్న నా భార్య, నేను ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. మూడేళ్ల వరకు ఇబ్బంది లేదని తేలింది.

మరొక మాట. మా శాఖ ఖాతాదారుల వివరాలుగానీ, అప్పుల సమాచారంగానీ నాతో తీసుకురాను. వారిలో ఎవరైనా కంపెనీలో సభ్యులు కావాలనుకుంటే తమంతట తామే రావాలి. ఈ దరఖాస్తు సంగతి మా పై అధికారికి ముందే తెలియజేశాను. నేను ఎంపికైతే నిబంధన ప్రకారం మూడు నెలల నోటీసు ఇచ్చి, నా చేతిలోని రుణ ఫైళ్లన్నీ కొత్త అధికారికి అప్పగించిన తర్వాతే చేరగలను. నియామక తేదీ నిర్ణయించేటప్పుడు దీన్ని దృష్టిలో ఉంచుకోవలసిందిగా మనవి.

భవదీయుడు,
ముఖ్య కార్యనిర్వహణాధికారి పోస్టు అభ్యర్థి