నువ్వు పంపిన స్వెటర్ లేబుల్ ఫోటో చూశాను

చిన్నీ,

కాఫీ మరక పడిన ఆ స్వెటర్ ఇంకా మెషీన్‌లో వెయ్యలేదు కదా? వెయ్యకపోతే ఇదంతా చదివాకే వెయ్యి. వేసేసి ఉంటే మాత్రం ముందు ఫోన్ చెయ్యి.

బొమ్మల కంటే ముందు లేబుల్ పై వరుస చూడు. 70 శాతం విస్కోస్, 30 శాతం ఉన్ని అని ఉంది. ఉన్ని 30 శాతమే అయినా పెత్తనం దానిదే. రెండు మూడు రకాల దారం కలిసిన బట్టని అందులో నాజూకుదాన్ని బట్టే ఉతకాలి. కింద ఉన్న ఆరు బొమ్మలూ ఆ లెక్కలోనే వేశారు.

మొదటిది నీళ్లు పోసిన తొట్టి. అంటే ఇంట్లో ఉతకొచ్చు. లోపల 30 అని ఉంది కదా, అది నీళ్ల వేడికి పై హద్దు. అంత వేడి ఉండి తీరాలని కాదు, చన్నీళ్లయినా పర్వాలేదు, 30 డిగ్రీలు దాటకూడదంతే. కొన్ని లేబుళ్ల మీద అంకెకి బదులు చుక్కలుంటాయి. ఒక చుక్క అంటే 30, రెండు చుక్కలంటే 40.

తొట్టి కింద ఉన్న అడ్డగీత దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఫోటోలో ఒక గీత స్పష్టంగా ఉంది. దాని కింద లేబుల్ మడత పడింది, ఆ మడతలోంచి నల్లగా ఏదో అంచు కనిపిస్తోంది. అది రెండో గీతే అనుకుంటున్నాను. గీత లేకపోతే మామూలు ఉతుకు, ఒక గీత ఉంటే నెమ్మదైన ఉతుకు, రెండుంటే చాలా నెమ్మదైన ఉతుకు. మెషీన్‌లో ‘ఉల్’ అని ఉండే ప్రోగ్రాం ఆ రెండు గీతల బట్టల కోసమే. ఉన్ని ఉంది కాబట్టి ఒకటే గీత ఉందని తేలినా నువ్వు ఉల్ ప్రోగ్రామే పెట్టు.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం నా నీలం స్వెటర్. నీకు గుర్తుండే ఉంటుంది. టైం లేదని జీన్స్‌తో కలిపి మామూలు ప్రోగ్రాంలో 40కి పెట్టేశాను. బయటికి తీస్తే చేతులు మోచేతుల దాకా కుంచించుకుపోయి, ఒళ్లంతా అట్టలా బిగిసిపోయింది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, ఇక విడిపోవు. వేడి ఒక్కటే కాదు, కుదుపు కూడా అంతే చెడ్డది. తొట్టిలో అంకె వేసి ఊరుకోకుండా కింద గీతలు కూడా పెట్టింది అందుకే. ఆ స్వెటర్‌ని ఎంత లాగినా మళ్లీ సాగలేదులే.

రెండోది త్రికోణం, దాని మీద ఇంటూ మార్కు. ‘లోపల రెండు గీతలున్నాయి, అది కొట్టివేతేనా’ అని అడిగావు. ఫోటో పెద్దది చేసి చూశాను. గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ త్రికోణం అంచులు దాటి బయటికొచ్చాయి. కాబట్టి అది కొట్టివేతే, ఏ రకం బ్లీచూ వాడకూడదు. నువ్వనుకున్న రెండు గీతల త్రికోణం వేరే. అందులో గీతలు పక్కపక్కనే ఏటవాలుగా, త్రికోణం లోపలే ఉంటాయి. క్లోరిన్ లేని బ్లీచ్ అయితే వాడొచ్చని దాని అర్థం. ఖాళీ త్రికోణం ఉంటే ఏ బ్లీచైనా సరే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. బ్లీచ్ సీసా ముట్టుకోరు కానీ, తెలుపు తెచ్చిపెడుతుందని చెప్పే వాషింగ్ పౌడర్ వేసేస్తారు. అలాంటి కొన్ని పౌడర్లలో బ్లీచ్ కలిపే ఉంటుంది. ఉన్ని బట్టలకని విడిగా దొరికే లిక్విడ్ తీసుకో.

తర్వాత రెండు చతురస్రాలు. చతురస్రం కనిపిస్తే ఆరబెట్టడం గురించి అనుకో. మొదటి దానిలో గుండ్రం ఉంది, అది డ్రయ్యర్. మీద కొట్టేశారు కాబట్టి నీ స్వెటర్ డ్రయ్యర్‌లోకి వెళ్లకూడదు. కొట్టివేత లేకుండా గుండ్రంలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మామూలు వేడి.

రెండో చతురస్రంలో మధ్యన ఒక అడ్డగీత, పై ఎడమ మూలన చిన్న ఏటవాలు గీత. అడ్డగీత అంటే బల్లపరుపుగా పరిచి ఆరబెట్టు అని. నిలువు గీత ఉంటే దండెం మీద వేసుకోవచ్చు. మూలన ఉన్న ఏటవాలు గీతని ఎవరూ పట్టించుకోరు కానీ, నీడన ఆరబెట్టమని చెప్పేది అదే. అడ్డగీత కానీ నిలువు గీత కానీ రెండేసి ఉంటే పిండకుండా నీళ్లోడుతుండగానే ఆరెయ్యాలి. నీదానికి ఒకటే ఉంది. అలాగని మెలితిప్పి పిండకు. విస్కోస్ తడిస్తే బలం తగ్గుతుంది. మందపాటి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి అదుముతూ పో. నీరంతా తువ్వాలు పీల్చుకుంటుంది. దండెం మీద వేశావా, తడి బరువుకి కిందికి సాగి రెండు రోజుల్లో స్వెటర్ గౌనవుతుంది.

ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంది. పెట్టె వేడి 120 డిగ్రీలు దాటకూడదు. రెండు చుక్కలకి 160, మూడింటికి 210. నీ ఇస్త్రీ పెట్టె డయల్ మీద కూడా ఇవే చుక్కలుంటాయి, జత చేసుకో చాలు. ఒక చుక్క బట్టకి ఆవిరి పట్టకు. తిరగేసి, పైన పల్చటి గుడ్డ వేసి చెయ్యి, లేకపోతే విస్కోస్ మీద మెరుపు మచ్చలు పడతాయి. నన్నడిగితే పరిచి ఆరబెట్టిన స్వెటర్‌కి ఇస్త్రీతో పనే లేదు.

చివరిది గుండ్రంలో ఇంగ్లిష్ పి, కింద ఒక గీత. ‘అయితే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాల్సిందేనా’ అని టెన్షన్ పడ్డావు. అక్కర్లేదు. ఇవ్వొచ్చు అని మాత్రమే. ముందు తొట్టి బొమ్మ కొట్టెయ్యకుండా ఉంది కదా, ఇంట్లో ఉతకడానికి అదే అనుమతి. పి అన్న అక్షరం ఏ ద్రావకం వాడొచ్చో షాపువాళ్లకి చెప్పే గుర్తు, కింద గీత నెమ్మదిగా చెయ్యమని. మనకి సంబంధం లేని బొమ్మ ఇదొక్కటే.

ఇక కాఫీ మరక. రుద్దకు. చన్నీళ్లలో ఆ ఉన్ని బట్టల లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, తెల్లటి గుడ్డతో అద్దుతూ ఉండు. మరక వదలడం మొదలయ్యాక స్వెటర్ తిరగేసి మెషీన్‌లో ఒంటరిగా వెయ్యి, స్పిన్ బాగా తగ్గించు.

వేసేముందు లేబుల్ మడత విప్పి తొట్టి కింద ఎన్ని గీతలున్నాయో ఇంకో ఫోటో పంపు. ఈసారి ఫ్లాష్ ఆపి, కిటికీ దగ్గర తియ్యి.

– అక్క